బయట పని చేసి వచ్చి మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేరాను: నా అనుభవం

మాది చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. పెద్దనాయన, మా నాయన, చిన్నాయన ముగ్గురూ భాగస్తులు. కాయ కొనడం పెద్దనాయన పని, మిషన్లూ కూలీలూ నాయన చూస్తాడు, బ్యాంకూ లెక్కలూ చిన్నాయన దగ్గర ఉంటాయి. పెద్దనాయన కొడుకు, అంటే మా అన్న, డిగ్రీ అవ్వగానే నేరుగా ఫ్యాక్టరీలో చేరిపోయాడు. నేను మాత్రం ఫుడ్ టెక్నాలజీ చదివి, నాలుగైదేళ్లు వేరేచోట పని చేసి వచ్చాను. మా వైపు మండీలు, ఫ్యాక్టరీలు ఉన్న ఇళ్లలో పిల్లలు తరచూ ఇదే అడుగుతున్నారు, నేరుగా చేరాలా, బయట చేసి రావాలా అని. ఆ రెండు దారులూ మా ఇంట్లోనే పక్కపక్కన నడిచాయి కాబట్టి నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

బయట పని చేయడం కంటే బయట ఎక్కడ పని చేశామన్నదే ముఖ్యం అని నా గట్టి నమ్మకం. నేను చేరింది పళ్లరసాలు తయారుచేసే ఒక పెద్ద కంపెనీలో, క్వాలిటీ విభాగంలో. అంటే మాలాంటి ఫ్యాక్టరీల దగ్గర గుజ్జు కొనేవాళ్ల దగ్గర. చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన డ్రమ్ములు నా చేతుల మీదుగా తెరిచాను. ఒక్కో డ్రమ్ములో సుమారు 215 కిలోల గుజ్జు ఉంటుంది, లోపల స్టెరైల్ సంచి ఉంటుంది. అందులోంచి శాంపిల్ తీసి బ్రిక్స్ చూడాలి, పులుపు చూడాలి, నల్ల మచ్చలు లెక్కపెట్టాలి, బూజు పరీక్ష చేయాలి. బ్రిక్స్ అంటే గుజ్జులో కరిగి ఉన్న తీపి పదార్థం ఎంత శాతమో చెప్పే కొలత. తోతాపురి గుజ్జుకు మేం కనీసం 14 అడిగేవాళ్లం. 13 వస్తే ఆ లాటు పక్కన పెట్టి, అమ్మినవాళ్లకు ఫోన్ చేసి, ధర తగ్గించమనో వెనక్కి తీసుకోమనో చెప్పేవాళ్లం. అవతల ఫోన్ ఎత్తేది మా చిన్నాయన లాంటివాళ్లే. వాళ్లకు ఆ లాటు ఏ రోజు ఏ లారీ కాయతో చేశారో చెప్పడానికి దాదాపు ఎప్పుడూ వివరం ఉండేది కాదు. "అంతా ఒకే కాయ సార్, మీ మిషన్ చూసుకోండి" అనేవాళ్లు. మా ఇంట్లో కూడా ఇదే మాట అంటారని నాకు తెలుసు. నాకు ఆ ఉద్యోగం ఇచ్చిన పెద్ద ఆస్తి ఇదే, మా సరుకును కొనేవాడి కళ్లతో చూడగలగడం.

అన్న సంపాదించుకున్నది వేరే రకం. దామలచెరువు నుంచి బంగారుపాళెం దాకా ఏ మండీలో ఎవరి మాట చెల్లుతుందో, ఏ రైతుకు ఎంత బాకీ ఉన్నామో, ఎవరి కూతురి పెళ్లికి ముందే డబ్బు సర్దాలో ఆయనకు నోటి మీద ఉంటుంది. నాకు అది ఈరోజుకీ సగం కూడా రాలేదు. కానీ ఆయనకు ఒక ఇబ్బంది ఉంది, అది ఆయనే నాతో చెప్పాడు. పదేళ్లుగా పని చేస్తున్నా, ఆయన తీసుకున్న నిర్ణయం ఏదో పెద్దనాయన తీసుకున్నది ఏదో ఎవరికీ విడిగా కనిపించదు. మంచి జరిగితే పెద్దాయన చెయ్యి, చెడు జరిగితే కొడుకు తొందర. మండీలో ఇప్పటికీ "నాయన్ని అడిగి చెప్పు అబ్బయ్యా" అంటారు. ఆయన తెలివి తక్కువవాడేం కాదు, నాకంటే వ్యాపారం తెలిసినవాడు. కాకపోతే ఇది నీది అని ఒక్క పని కూడా ఆయనకు విడదీసి ఇవ్వలేదు.

అందుకే తిరిగి వచ్చేముందు నేను మొదట మాట్లాడింది జీతం గురించి కాదు, పని హద్దు గురించి. ముగ్గురినీ కూర్చోబెట్టి అడిగాను: గేటు దాటి లోపలికి వచ్చిన కాయ డ్రమ్ములో సీలయ్యేదాకా నాణ్యత విషయంలో చివరి మాట నాది కావాలి, కొనుగోలు ధరలో నేను నోరెత్తను, బ్యాంకు సంతకాలు నాకు వద్దు. నెల జీతం, వారానికి ఒకసారి ముగ్గురికీ కలిపి లెక్క చెప్పడం. ఒక కాగితం మీద రాసుకున్నాం. పెద్దనాయనకు మొదట నచ్చలేదు, "ఇంట్లో కాగితాలేమిరా" అన్నాడు. చిన్నాయన సర్ది చెప్పాడు, లెక్కలు చూసే మనిషి కదా, రాసుకుంటే తర్వాత మాట పడదని ఆయనకు తెలుసు.

వచ్చీ రాగానే భాగస్తుడిగా చేరమని నాయన అన్నాడు. నేను వద్దన్నాను, ఆడిటర్ గారు కూడా అదే చెప్పారు. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం భాగస్తులు రాసుకున్న ఒప్పంద పత్రం, అంటే డీడ్‌లో వేరేగా లేకపోతే, ఉన్న భాగస్తులందరూ ఒప్పుకుంటేనే కొత్తవాణ్ణి చేర్చుకోవాలి. చేరకముందు అప్పులకు కొత్త భాగస్తుడు మామూలుగా బాధ్యుడు కాదు, కానీ చేరిన రోజు నుంచి ఫర్మ్ బాకీలకు సొంత ఆస్తితో సహా బాధ్యుడే. పైగా బ్యాంకు లోన్ కాగితాలు కొత్తగా రాసేటప్పుడు కొత్త భాగస్తుడి గ్యారంటీ కూడా అడుగుతుంది, అక్కడ సంతకం పెడితే పాత అప్పు కూడా మన మెడకు చుట్టుకోవచ్చు. దాని కంటే పెద్ద కారణం, అన్న పదేళ్లు చేసినా భాగస్తుడు కాలేదు. నేను వచ్చిన ఏడాదే అయితే ఆ ఇంట్లో నాకు గౌరవం ఎక్కడి నుంచి వస్తుంది? రెండు సీజన్లు జీతం మీదే ఉంటానని చెప్పాను.

ఎప్పుడు రావాలన్నది కూడా ఆలోచించుకునే వచ్చాను. మా కాయ సీజన్ ముఖ్యంగా జూన్ నుంచి ఆగస్టు దాకా. చాలామంది పిల్లలు మేలో వచ్చి దిగుతారు, దిగిన వారానికే లారీలు మొదలవుతాయి, ఎవరికీ నేర్పే తీరిక ఉండదు, అడ్డం వస్తున్నాడని విసుక్కుంటారు. నేను సంక్రాంతి అయిన వెంటనే వచ్చాను. ఆ నెలల్లో డ్రమ్ములు చెన్నై పోర్టుకు వెళ్తుంటాయి, గుజ్జు తీసే పల్పర్ మిషన్ జల్లెడలు మారుస్తారు, బాయిలర్ పనులు చేయిస్తారు, పాత బాకీలు కడుతుంటారు. నేను చిన్నాయన పక్కన కూర్చుని బ్యాంకుకు నెలనెలా పంపే స్టాక్ స్టేట్‌మెంట్ తయారు చేశాను. గోడౌన్‌లో ఎన్ని డ్రమ్ములు ఉంటే ఎంత డబ్బు తీసుకోవచ్చు, అమ్ముడుపోని డ్రమ్ము మీద వడ్డీ ఎలా పెరుగుతుంది, అందువల్ల జూన్‌లో కాయ కొనడానికి చేతిలో ఎంత మిగులుతుంది, ఇదంతా అక్కడే అర్థమైంది. బయటి ఉద్యోగంలో ఎప్పుడూ కనిపించని సగం వ్యాపారం ఇది. ఎవరి మీదా అజమాయిషీ లేని పని కాబట్టి ఎవరికీ నా మీద కోపం రాలేదు, చిన్నాయనకైతే చెయ్యి సాయం దొరికింది.

సీజన్ మొదలయ్యాక అసలు సంగతి. మా దగ్గర పాతికేళ్లుగా ఉన్న మేస్త్రి ఒకాయన ఉన్నాడు, నన్ను ఎత్తుకుని తిప్పినవాడు. నేను ఏదైనా చెబితే "అట్నే చిన్నబాబూ" అనేవాడు, వెంటనే పక్కకు వెళ్లి నాయనకు ఫోన్ చేసి అడిగేవాడు. తప్పేం లేదు, ఆయన అలవాటు అది. ఒకరోజు మాగిన కాయలో ఒక వరుస నల్లగా తిరిగిందని కోతకు పంపొద్దన్నాను. ఆయన నాయనకు ఫోన్ చేశాడు. నాయన అనుకుంటే "పర్లేదు పంపు" అనొచ్చు, లేదా "వాడు చెప్పింది కరెక్టే, ఆపు" అనొచ్చు. రెండింట్లో ఏది అన్నా నా మాటకు విలువ పోయేది, ఎందుకంటే ఆపమన్నా అది నాయన ఆపినట్టే. నాయన అన్నది, "ఆ పని వాడిది, వాడినే అడుగు. నాకు ఫోన్ చేయొద్దు." అంతే, ఫోన్ పెట్టేశాడు. ఆ సీజన్ మొత్తం ఇదే మాట మీద నిలబడ్డాడు, నా నిర్ణయం తనకు నచ్చని రోజుల్లో కూడా. రాత్రి ఇంటికి వచ్చాక నన్ను నిలదీసేవాడు, ఆ వరుస ఎందుకు తీసేశావు, ఎన్ని కిలోలు పోయింది అని, కానీ ఫ్యాక్టరీలో మాత్రం ఒక్క మాట అనలేదు. కొడుకుల్ని వ్యాపారంలోకి తెచ్చుకుంటున్న పెద్దవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీరు కొడుకును పొగడక్కర్లేదు, మీకు వచ్చే ఫోన్‌ని వాడి దగ్గరికి తిప్పితే చాలు.

పెద్దనాయనతో వ్యవహారం ఇంత తేలిక కాదు. ఆయన కాయను చేత్తో తిప్పి, భుజం నిండిందో లేదో చూసి, కోసి లోపలి రంగు చూసి ధర చెప్పే మనిషి. నేను బ్రిక్స్ కొలిచే రిఫ్రాక్టోమీటర్ తీస్తే "కాయ చూస్తే నేను చెప్తా కదరా, దానికి మిషనెందుకు" అన్నాడు. నేను వాదించలేదు. ధర జోలికి పోనని మాట ఇచ్చాను కూడా. నా హద్దులో ఉన్నది మాత్రం చేశాను: వచ్చిన ప్రతి లారీ నుంచి ఐదు క్రేట్లు, సుమారు వంద కిలోలు, చీటీ కట్టి పక్కన పెట్టించాను. మాగబెట్టే గదిలో వాటికి వేరే వరుస. మాగబెట్టడం మేం ఇథిలీన్ గ్యాస్‌తోనే చేస్తాం, కాల్షియం కార్బైడ్ నిషేధం కదా. నాలుగైదు రోజులకు మాగాక కుళ్లు ఎంత, తొక్కా టెంకా ఎంత, చిన్న పల్పర్‌లో వేస్తే గుజ్జు ఎంత వచ్చింది, దాని బ్రిక్స్ ఎంత అని లారీ నంబరు పక్కన ఒక నోటు పుస్తకంలో రాశాను. పని అంతా ఇద్దరు మనుషులు చేసేదే.

ఒక నెల గడిచేసరికి పుస్తకం మాట్లాడటం మొదలుపెట్టింది. అందులో ఒక లెక్క ఇక్కడ రాస్తాను. ఒక లారీ కాయ కిలో 20 రూపాయల చొప్పున కొన్నది, పది టన్నులు. వంద కిలోలకు 55 కిలోల గుజ్జు వచ్చింది. అంటే రెండు లక్షలకు 5,500 కిలోలు, కిలో గుజ్జుకు కాయ ఖర్చు సుమారు 36 రూపాయల 40 పైసలు. ఇంకో లారీ మనకు బాగా కావలసిన ఒక మండీ నుంచి వచ్చింది, కిలో 18.50కే. పది టన్నుల మీద 15 వేలు మిగిలినట్టే కనిపిస్తుంది. కానీ కాయ పూర్తిగా ముదరలేదు, అలాంటి కాయ మాగబెట్టినా సరిగ్గా మాగదు, వంద కిలోలకు 48 కిలోలే వచ్చింది. 1,85,000కి 4,800 కిలోలు, కిలోకు 38.50 పైనే. ఆ గుజ్జును మంచి కాయ ధరతో పోల్చితే ఆ ఒక్క లారీ మీద పది వేల పైన ఎక్కువ పెట్టాం. దానికి తోడు బ్రిక్స్ 13 దాటలేదు, మంచి గుజ్జులో కొంచెం కొంచెం కలిపి వాడాల్సి వచ్చింది.

ఇప్పుడు ఇది ఎక్కడ చెప్పాలి? వారం మీటింగులో ముగ్గురి ముందూ పెట్టొచ్చు, లెక్క చెప్పడం నా బాధ్యతే. కానీ ఆ మండీ ఆయన పెద్దనాయనకు ముప్పై ఏళ్ల స్నేహం, మాకు డబ్బు లేని సీజన్‌లో అరువు మీద కాయ తోలినవాడు. తమ్ముళ్ల ముందు ఆ లెక్క చదివితే అది కాయ మీద మాట కాదు, పెద్దనాయన మీద మాట అవుతుంది. మీటింగుకు ముందురోజు సాయంత్రం పుస్తకం తీసుకుని ఆయన ఇంటికి వెళ్లాను. పెద్దమ్మ కాఫీ ఇచ్చింది. ఆ మండీ పేరు ఎత్తకుండా, "పెద్దనాయనా, ఈ లారీలన్నీ మీరు చూసినవే, ఏది ఏ కాయో నాకు తెలీదు, నంబర్లు ఇవి, మీరు చూసి చెప్పండి" అని ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. వరుసలో మూడు నాలుగు లారీల మీద వేలు పెట్టి, "ఇవన్నీ వాళ్లవే" అని ఆయనే అన్నాడు. తర్వాత పేజీలు తిప్పి ఇంకొకటి చూపించాడు: "ఇది చూడు, పూతలపట్టు వైపు కాయ, వాన పడిన నాలుగో రోజు వచ్చింది. నేను వద్దన్నా మీ నాయన దించుకున్నాడు. కుళ్లు ఎంతుందో చూడు." నిజమే, ఆ వరుసలో కుళ్లు మిగతావాటికి రెండింతలు ఉంది. వానకు కాయ మీద పట్టిన తెగులు పచ్చిగా ఉన్నప్పుడు కనపడదు, మాగేటప్పుడు నల్ల మచ్చలై బయటపడుతుంది. నా పుస్తకానికి అది తెలిసేది నాలుగు రోజుల తర్వాత, డబ్బు చెల్లించాల్సి వచ్చాక. ఆయనకు గేటు దగ్గరే తెలిసింది. ఆ సంగతి నేను మరుసటి రోజు మీటింగులో అందరి ముందూ చెప్పాను, పెద్దనాయన వద్దన్న లారీ ఇదీ, నష్టం ఇదీ అని.

ఆ మండీతో ఆయనే మాట్లాడుకున్నాడు. ఏం మాట్లాడాడో నేను అడగలేదు, తర్వాత వచ్చిన కాయ మాత్రం ముదిరింది వచ్చింది. ఇంకో మార్పు కూడా ఆయనే తెచ్చాడు. మా దగ్గర తూకంలో తరుగు అందరికీ ఒకేలా తీసేవాళ్లు, మంచి కాయ తెచ్చిన రైతుకు అది చాలా బాధ. పుస్తకంలో వరుసగా బాగా వచ్చిన తోటల వాళ్లకు కిలోకు అర్ధ రూపాయి ఎక్కువ ఇద్దామని పెద్దనాయన అన్నాడు, ఆ మాట రైతులకు చెప్పింది కూడా ఆయనే. నేను చెప్పి ఉంటే పిల్లోడి ప్రయోగం అనేవాళ్లు.

తర్వాత 2025 సీజన్ వచ్చింది. ఆ ఏడాది మా జిల్లాలో తోతాపురి ధర ఎలా పడిపోయిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. కాయ విరగ్గాసింది, ఫ్యాక్టరీల్లో పాత డ్రమ్ములు ఇంకా అమ్ముడుపోలేదు, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం ఇంకో 4 కలిపి రైతుకు 12 అందేలా చూస్తుందని ప్రకటించారు. గేట్ల ముందు ట్రాక్టర్లు, లారీలు రోజుల తరబడి నిలబడ్డాయి. ఎండలో కాయ పాడవుతుంటే రైతు ట్రాక్టర్ కిందే పడుకునేవాడు. చూడటమే కష్టంగా ఉండేది.

మాకు చుట్టాలందరికీ తోటలున్నాయి. అత్తావాళ్లకు, అమ్మ పుట్టింటివాళ్లకు, వదిన వైపువాళ్లకు. లోపలికి వచ్చే కాయ నా చేతిలో ఉందని అందరికీ తెలుసు. నేను గేటు దగ్గర వచ్చిన వరుసలో టోకెన్ నంబరు వేయించాను. మొదటి ఫోన్ మేనత్త నుంచి: "మన ఫ్యాక్టరీ ముందు మన బండి నిలబడితే ఊర్లో తల ఎత్తుకోగలమా అబ్బయ్యా?" ఆవిడ బాధ కూడా నిజమే, ఆమె కాయ కూడా అందరి కాయలాగే పాడవుతుంది. కానీ ఒక్క బండిని ముందుకు వదిలితే నా వెనక నిలబడిన మేస్త్రికి, వాచ్‌మన్‌కు, వాళ్ల చుట్టాలకు కూడా అదే దారి అవుతుంది, రెండు రోజుల్లో టోకెన్‌కు అర్థం ఉండదు.

అత్తకు ఫోన్‌లో సమాధానం చెప్పకుండా నేరుగా ఇంటికి వెళ్లాను. అంతకుముందు నాయనతో మాట్లాడి మా సొంత తోట కాయను చివర్లో దించుకుందామని ఒప్పించాను. కొంత కాయ చెట్టు నుంచే రాలిపోతుందని ఆయనకు తెలుసు, అయినా సరే అన్నాడు. అత్తతో అదే చెప్పాను: "మా బండి మీ బండి వెనకే అత్తా, అందరివీ దిగాకే మాది దిగుతుంది. మీ నంబరు ఇది, రేపు సాయంత్రానికి వస్తుంది, అప్పటిదాకా కాయ మీద గోనెలు తడిపి కప్పించండి." ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు, రెండు మూడు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు, వినాయక చవితికి కూడా ముభావంగానే ఉంది. కానీ మిగతా చుట్టాల ఫోన్లు ఆగిపోయాయి. మా తోట కాయ ఆఖర్న దిగిన సంగతి మేస్త్రి ద్వారా ఊళ్లన్నీ తిరిగింది. నన్ను అడిగేవాళ్లు తగ్గి, "నంబరెంత వచ్చిందబ్బా" అని అడగడం మొదలుపెట్టారు. మేస్త్రి నాయనకు ఫోన్ చేయడం పూర్తిగా మానేసింది కూడా ఆ సీజన్‌లోనే.

ఇప్పుడు డీడ్ మార్చే పనిలో ఉన్నాం. అన్నను, నన్ను ఒకే రోజు, సమాన వాటాతో చేర్చాలని నేను అడిగాను, పెద్దనాయన సరే అన్నాడు. అన్నకు కొనుగోలు విడదీసి రాస్తున్నాం, తన పేరు మీద, చెక్ సంతకంతో సహా. ఒక్కచోట మాత్రం ఇంకా తెగలేదు: ఆయన కొన్న కాయను నేను గేటు లోపల వద్దంటే నష్టం ఎవరి ఖాతాలో పడాలి. కాయ కాటా దాటితే కొన్నట్టే అని అన్న అంటాడు. ఐదు క్రేట్ల ఫలితం వచ్చేదాకా సగం డబ్బే ఇద్దామని నేనంటున్నాను. నాలుగైదు రోజులు సగం డబ్బు ఆపితే రైతు పక్క ఫ్యాక్టరీకి పోతాడని ఆయన వాదన, అందులోనూ న్యాయముంది. ఆడిటర్ గారు ఆ క్లాజు ఖాళీగా వదిలి డ్రాఫ్ట్ పంపారు. వచ్చే సీజన్‌కు బాగా తెలిసిన ఇరవై తోటలతో ముందు నా పద్ధతి చేసి చూద్దామని చిన్నాయన అన్నాడు, అన్న ఆ జాబితా రాస్తున్నాడు.